సగం పిల్లాడు ఎవరింట్లో ఉన్నాడు?

ఐదుగురు అక్కచెల్లెళ్లున్నారు. వాళ్లకు సగటున 2.3 మంది పిల్లలని ఎవరో చెప్పారనుకోండి. లెక్కలు పెద్దగా రాని అమ్మమ్మ కూడా వేళ్ల మీద లెక్కబెట్టి వెంటనే అడుగుతుంది, "ఐదుగురికీ కలిపి ఎంతమందిరా?" అని. 2.3ని 5తో గుణిస్తే 11.5 వస్తుంది. పదకొండు మంది ఉండొచ్చు, పన్నెండు మంది ఉండొచ్చు. పదకొండున్నర మంది మాత్రం ఉండరు. పదకొండు మందైతే సగటు 2.2, పన్నెండు మందైతే 2.4. ఈ రెండింటి మధ్య 2.3 అనే సగటుకు చోటే లేదు. ఆ ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూడకుండానే, చెప్పిన అంకెల్లో ఏదో ఒకటి తప్పని మనకు తెలిసిపోయింది.

ఈ అధ్యాయంలో నేర్చుకోబోయేది ఇంతే. పరిశోధన పత్రం చదివేటప్పుడు అమ్మమ్మ అడిగిన ప్రశ్నే అడుగుతాం. పత్రంలో సగటు ఉంటుంది, శాతం ఉంటుంది, ఎంతమందిని అడిగారో ఉంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నది ఫోన్లోని కాలిక్యులేటర్‌తో చూడొచ్చు. పరిశోధకుల దగ్గరున్న అసలు డేటా మనకు అక్కర్లేదు. పీజీ థీసిస్ రాసే డాక్టర్లకు, పీహెచ్‌డీ విద్యార్థులకు, ఆరోగ్య వార్తలు రాసే విలేకరులకు, వైద్యం గురించి ఇంటర్నెట్‌లో పత్రాలు వెతుక్కుని చదివే మామూలు పాఠకులకు ఈ పని చేతనైతే, పత్రాన్ని చదివే తీరే మారుతుంది.

ఈ పరీక్షకు గ్రిమ్ అని పేరు. దీన్ని నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో బయటపెట్టారు. బ్రౌన్ చాలా ఏళ్లు కంప్యూటర్ రంగంలో ఉద్యోగం చేసి, ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రం చదువుకోవడానికి వచ్చిన మనిషి. ఇందులోని గణితం ఏడో తరగతి పిల్లలకు తెలిసినదే. సగటు అంటే మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించగా వచ్చినది. ఒక్కొక్కరి జవాబూ పూర్ణాంకమైతే మొత్తం కూడా పూర్ణాంకమే. కాబట్టి పత్రంలో అచ్చయిన ప్రతి సగటు వెనుకా ఒక పూర్ణాంకం దాగి ఉండాలి. ఆ పూర్ణాంకం దొరకకపోతే ఆ సగటు పుట్టే వీల్లేదు.

గుణించడం ఒక్కటే చాలదు

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట పొరబడతారు. సగటును మనుషుల సంఖ్యతో గుణించి, పూర్ణాంకం రాలేదు కాబట్టి తప్పు దొరికిందని అనుకుంటారు. అలా కాదు. అచ్చయిన సగటు రెండు దశాంశ స్థానాలకు రౌండ్ చేసిన అంకె. 23 మందికి సగటు 5.43 అని ఉంటే, 5.43 × 23 = 124.89. ఇది పూర్ణాంకం కాదు. కానీ దానికి దగ్గరున్న 125ని తీసుకుని 23తో భాగించండి. 5.4348 వస్తుంది, రెండు స్థానాలకు రౌండ్ చేస్తే 5.43. పత్రంలో ఉన్నది అదే. అంకె నిలబడింది.

కాబట్టి పని రెండు వైపులా ఉంటుంది. ముందు గుణించాలి. వచ్చినదానికి కిందా పైనా ఉన్న రెండు పూర్ణాంకాలనూ తీసుకోవాలి. వాటిని మళ్లీ మనుషుల సంఖ్యతో భాగించి, రౌండ్ చేసి, పత్రంలోని సగటుతో పోల్చాలి. రెండింటిలో ఒక్కటి సరిపోయినా సగటు సాధ్యమే. రెండూ సరిపోకపోతే సాధ్యం కాదు. ఉదాహరణకు 28 మందికి సగటు 5.19 అన్నారనుకోండి. గుణిస్తే 145.32. 145ని 28తో భాగిస్తే 5.18, 146ని భాగిస్తే 5.21. 5.19 ఎక్కడా రాదు. ఆ 28 మందీ ఏ జవాబులిచ్చినా సరే, ఆ సగటు రానే రాదు.

28 మంది ఉన్నప్పుడు మొత్తం ఒకటి పెరిగితే సగటు 28లో ఒక వంతు, అంటే దాదాపు 0.036 పెరుగుతుంది. సగటు మెట్లెక్కినట్టు ఎక్కుతుంది, మెట్ల మధ్యలో నిలబడలేదు. 5.00 నుంచి 5.99 వరకు రెండు దశాంశాలతో రాయగలిగిన అంకెలు వంద ఉంటే, 28 మందికి అందులో 28 మాత్రమే సాధ్యం, మిగతా 72 అసాధ్యం. చేయి జారి పడిన తప్పు అంకె ఈ పరీక్షకు చిక్కే అవకాశం ఎక్కువగా ఉండేది అందుకే. మనుషులు పెరిగేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి. వంద మందికి చేరేసరికి ప్రతి రెండు దశాంశాల అంకెకూ ఒక మెట్టు ఉంటుంది. అక్కడ ఈ పరీక్ష ఇక దేన్నీ పట్టుకోలేదు.

మన దగ్గరి వైద్య కళాశాలల థీసిస్‌లలో ఒక్కో గుంపులో 30 మంది, 50 మంది, 60 మంది అని తరచూ కనిపిస్తుంది. ఇలాంటి గుండ్రటి సంఖ్యలకు కాలిక్యులేటర్ కూడా అవసరం లేదు. 50 మందికి సగటు 0.02 చొప్పున కదులుతుంది కాబట్టి రెండో దశాంశం ఎప్పుడూ సరిసంఖ్యే. 3.47 అని కనిపిస్తే ఆగాలి. 20 మందికైతే చివరి అంకె 0 గానీ 5 గానీ కావాలి. 30 మందికైతే 0, 3, 7 తప్ప మరొకటి రాదు. 60 మందికి 1, 4, 6, 9తో ముగిసే సగటు ఉండదు. ఈ నాలుగూ గుర్తుంటే పట్టిక మీద అలా చూపు తిప్పుతూనే తేడాలు కనబడతాయి. ఒక పట్టిక మీద అరగంట కూర్చుంటే ఇది అలవాటవుతుంది.

శాతం కూడా సగటే

స్త్రీలు ఎంత శాతం, పొగ తాగేవాళ్లు ఎంత శాతం, మందుతో నయమైనవాళ్లు ఎంత శాతం అన్నవన్నీ అవును అంటే 1, కాదు అంటే 0 అని రాసుకుని వేసిన సగటులే. అందుకే పరీక్ష మారదు. 37 మందిలో 42 శాతం అన్నారనుకోండి. 15 మందైతే 40.5, 16 మందైతే 43.2. రౌండ్ చేస్తే 41, 43 వస్తాయి. 42 రాదు.

దశాంశం లేకుండా రాసిన శాతాన్ని వంద మంది లోపు ఉన్నప్పుడే పరీక్షించగలం. కానీ చాలా పత్రాల్లో శాతాన్ని ఒక దశాంశంతో రాస్తారు. అప్పుడు వెయ్యి మంది దాకా పరీక్షించొచ్చు. 240 మందిలో 41.4 శాతం అని ఉంటే, 99 మందికి 41.25, 100 మందికి 41.67. 41.4 ఏ సంఖ్యకూ రాదు. సగటులు పరీక్షకు లొంగని పెద్ద అధ్యయనాల్లో నేను నేరుగా శాతాల పట్టిక దగ్గరికి వెళ్లేది ఇందుకే. పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

శాతంతో ఒక జాగ్రత్త ఉంది. ప్రశ్నావళిలో ప్రతి ప్రశ్నకూ అందరూ జవాబివ్వరు. 240 మందిని కలిసినా, ఆదాయం గురించిన ప్రశ్నకు 231 మందే జవాబిచ్చి ఉండొచ్చు. శాతం ఆ 231 మీద వేసినదైతే 240తో పరీక్షించడం అన్యాయం. పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ చదవకుండా ఎవరినీ తప్పుపట్టకండి.

ఒక పట్టికను మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు ఒక పత్రాన్ని చేతిలోకి తీసుకుందాం. ఇది సాధన కోసం నేను కట్టిన పత్రం. ఎవరిదీ కాదు. కాలేజీ హాస్టల్లో ఉండే 48 మంది విద్యార్థులను రెండు గుంపులు చేశారు. 23 మంది రాత్రి పది దాటాక ఫోను పక్కన పెట్టాలి. 25 మంది ఎప్పటిలాగే వాడుకోవచ్చు. రెండు వారాల తర్వాత నిద్ర ఎలా ఉందని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, 1 నుంచి 7 దాకా ఒక అంకె చెప్పమన్నారు. పత్రంలో ఇలా ఉంది: ఫోను పెట్టేసిన గుంపులో సగటు 5.43, అమ్మాయిలు 61 శాతం. ఫోను వాడిన గుంపులో సగటు 4.38, అమ్మాయిలు 58 శాతం. అందరినీ కలిపితే సగటు 4.89. రెండు గుంపుల తేడాకు టీ పరీక్ష చేసి t(45) అని రాశారు.

మొదటి గుంపును ఇంతకుముందే చూశాం, 125ని 23తో భాగిస్తే 5.43. అమ్మాయిలు 14 మందైతే 60.87 శాతం, అంటే 61. రెండూ నిలబడ్డాయి.

రెండో గుంపుకు రండి. 25 మందికి సగటు 0.04 చొప్పున మెట్లెక్కుతుంది. 109 మొత్తమైతే 4.36, 110 అయితే 4.40. 4.38 రాదు. అమ్మాయిల శాతం చూడండి. 25 మందిలో ఒక్కొక్కరూ 4 శాతం. 14 మందైతే 56, 15 మందైతే 60. 58 కూడా రాదు. ఒకే గుంపులో రెండు వేర్వేరు అంకెలు పడిపోయాయి. ఒక అంకె పడిపోతే అచ్చుతప్పు అనుకోవచ్చు. రెండూ పడిపోతే వాటికి ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ 25 అనే సంఖ్య.

అందరి సగటు కూడా అదే చెబుతోంది. 4.89ని 48తో గుణిస్తే 234.72. 234ని 48తో భాగిస్తే 4.875, అంటే ఎటు రౌండ్ చేసినా 4.87 లేదా 4.88. 235ని భాగిస్తే 4.896, అంటే 4.90. 4.89 మధ్యలో జారిపోయింది.

ఇప్పుడు 25 బదులు 24 అనుకుని చూడండి. 105ని 24తో భాగిస్తే సరిగ్గా 4.375, రౌండ్ చేస్తే 4.38. 14 మంది అమ్మాయిలుంటే 58.33, అంటే 58 శాతం. మొదటి గుంపు మొత్తం 125కు 105 కలిపితే 230. 23, 24 కలిపితే 47 మంది. 230ని 47తో భాగిస్తే 4.894, రౌండ్ చేస్తే 4.89. పడిపోయిన మూడు అంకెలూ ఒక్క మార్పుతో లేచి నిలబడ్డాయి.

చివరి సాక్ష్యం t పక్కన బ్రాకెట్‌లో ఉన్న 45. దాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. రెండు గుంపుల మామూలు టీ పరీక్షలో అది మొత్తం మనుషుల సంఖ్య కంటే రెండు తక్కువ. 48 మంది ఉంటే 46 రావాలి. 45 వచ్చిందంటే లెక్క చేసిన కంప్యూటర్‌కు అందింది 47 మంది జవాబులే. రచయితలు విధానం భాగంలో 48 అని రాశారు, ఆ తర్వాత ఎవరో ఒక విద్యార్థి జవాబివ్వకుండా తప్పుకుని ఉండొచ్చు. ఆ సంగతి పట్టికలోకి ఎక్కలేదు. మోసమేమీ అక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. కానీ ఆ విద్యార్థి ఎందుకు తప్పుకున్నాడన్నది చదివేవాడికి కావాలి. ఫోను వాడుకునే గుంపులో నిద్ర అసలే పట్టని కుర్రాడే మానేసి ఉంటే ఫలితం మారిపోతుంది.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ చూడటం ఒక అలవాటు చేసుకోండి. పరిశోధకులు మనుషుల సంఖ్యను చేత్తో టైపు చేస్తారు. ఈ అంకెను మాత్రం ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితంలోంచి తెచ్చి పెడతారు. అందుకే చాలాసార్లు నిజం అక్కడ మిగిలిపోతుంది. వెల్చ్ పద్ధతి టీ పరీక్షలో మాత్రం ఇది 43.7 లాంటి దశాంశంతో వస్తుంది. దాన్నుంచి మనుషుల సంఖ్యను తిరిగి రాబట్టలేం.

పట్టిక పొడుగ్గా ఉంటే చేత్తో చేయడం విసుగు. పైథాన్ తెలిసినవాళ్లకు ఈ నాలుగు వరసలు చాలు:

```python
def grim(mean, n, d=2):
    k = round(mean * n)
    tol = 0.5 * 10**-d + 1e-9
    return any(abs(x / n - mean) <= tol for x in (k-1, k, k+1))
```

`grim(4.38, 25)` అని అడిగితే `False` వస్తుంది, `grim(4.38, 24)` అంటే `True`. 58 శాతాన్ని `grim(0.58, 25)` అని ఇవ్వాలి. ఒక దశాంశంతో ఉన్న 41.4 శాతమైతే `grim(0.414, 240, 3)`. చివర కలిపిన ఆ అతి చిన్న అంకె 4.375 లాంటి సరిగ్గా సగం దగ్గర ఆగే సంఖ్యల కోసం. వాటిని కొందరు పైకి రౌండ్ చేస్తారు, కొన్ని సాఫ్ట్‌వేర్లు కిందికి చేస్తాయి. రెండింటినీ సరైనవిగానే తీసుకోవాలి. అనుమానం వచ్చిన చోట రచయితకు అనుకూలంగా ఉండటం ఈ పనిలో మొదటి నియమం.

పరీక్ష ఎక్కడ పనిచేయదు

హాస్టల్ పత్రంలో నేను ఒక మాట నొక్కి చెప్పాను, ఒకే ఒక్క ప్రశ్న అని. అది ఎందుకో చూడండి. నిద్ర గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, ఒక్కో విద్యార్థికి ఆ నాలుగింటి సగటు తీసుకుని ఉంటే, ఒక్కొక్కరి స్కోరు 4.25, 4.50, 4.75 అని పావు మెట్లతో వస్తుంది. అప్పుడు 25 మందికి అసలు మెట్టు నూరులో ఒక వంతు. 4.38 అంటే నూరు జవాబుల మొత్తం 438 అన్నమాట, ఏ అడ్డంకీ లేదు. పరీక్షలో పెట్టాల్సిన సంఖ్య మనుషుల సంఖ్య కాదు, మనుషుల సంఖ్యను ప్రశ్నల సంఖ్యతో గుణించగా వచ్చినది. అది నూరు దాటితే రెండు దశాంశాల సగటును తప్పని అనే అధికారం మనకు లేదు. అదే నాలుగు ప్రశ్నల జవాబులను సగటు చేయకుండా కూడి, 4 నుంచి 28 దాకా స్కోరుగా ఇస్తే, మళ్లీ ఒక్కొక్కరిదీ పూర్ణాంకమే. పరీక్ష మళ్లీ పనిచేస్తుంది. కాబట్టి పట్టిక కంటే ముందు కొలత ఎలా చేశారో చెప్పే పేరా చదవాలి. ఇక్కడ తొందరపడినవాళ్లు సరైన పత్రాలను తప్పుబట్టారు.

ఇంకో మాట గమనించండి. నాలుగు ప్రశ్నల వల్ల 4.38 బతికిపోయినా, 58 శాతం మాత్రం బతకలేదు. అమ్మాయా అబ్బాయా అన్నదానికి పావు మెట్లు లేవు. ఒక దారి మూసుకుపోతే రెండో దారి వెతకాలి అంటున్నది ఇందుకే.

బరువు, ఒక్కొక్కరికీ పలుమార్లు కొలిచి తీసిన రక్తపోటు సగటు, హిమోగ్లోబిన్ వంటివి పూర్ణాంకాలు కావు. హిమోగ్లోబిన్ 11.4 అని ఒక దశాంశంతో కొలుస్తారు కాబట్టి పది మంది దాటితే రెండు దశాంశాల సగటును ఈ పరీక్ష ఏమీ చేయలేదు. వయసు మధ్యస్థం. పూర్తయిన ఏళ్లలో అడిగి రాసుకుంటే పనిచేస్తుంది, పుట్టిన తేదీ నుంచి లెక్కగట్టి ఉంటే పనిచేయదు. నొప్పి ఎంతుందో 0 నుంచి 10 దాకా చెప్పమనడం, ఆసుపత్రిలో ఉన్న రోజులు, ఎన్నిసార్లు వాంతి అయింది, ఎంతమంది పిల్లలు అన్నవి ఈ పరీక్షకు సరిపోయే కొలతలు.

పరీక్ష గట్టెక్కిన అంకె నిజమని కూడా అర్థం కాదు. కుర్చీలో కూర్చుని డేటాను కల్పించినవాడు ఆ కల్పించిన డేటా మీదే సగటు వేస్తే అన్నీ పొసగుతాయి. ఈ పరీక్షకు చిక్కేది డేటాకూ పట్టికకూ మధ్య దారి తెగిపోయిన చోటు మాత్రమే.

ఇద్దరు బయటివాళ్లు చూసినప్పుడు

బ్రౌన్, హెదర్స్ ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రంలో అచ్చయిన 260 పత్రాల మీద ప్రయోగించారు. చాలావాటిలో మనుషులు ఎక్కువ, లేదా కొలతలు ఈ పరీక్షకు లొంగేవి కావు. చివరికి 71 పత్రాలు మిగిలాయి. వాటిలో 36 పత్రాల్లో కనీసం ఒక్క అసాధ్యమైన సగటు కనిపించింది. 16 పత్రాల్లో ఒకటి కంటే ఎక్కువ కనిపించాయి. వాళ్లు అక్కడితో ఆగి గొడవ చేయలేదు. 21 పత్రాల రచయితలకు డేటా పంపమని రాశారు. తొమ్మిదింటికి సానుకూలంగా జవాబు వచ్చింది. ఆ తొమ్మిదింటిలోనూ కనీసం ఒక్క తప్పు ఉన్నట్టు డేటా చూశాక రూఢి అయింది. పరీక్ష తప్పని వేలు చూపించిన చోట నిజంగానే తప్పుంది. తప్పు ఎలాంటిదన్నది మాత్రం డేటా వచ్చాకే తెలిసింది.

మరుసటి ఏడాది ఇదే పద్ధతి ఒక పెద్ద పేరున్న ప్రయోగశాలకు చేరింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ వాన్సింక్ ఆహారపు అలవాట్ల మీద పరిశోధన చేసేవాడు. చిన్న పళ్లెంలో పెట్టుకుంటే తక్కువ తింటారు వంటి మాటలతో బాగా పేరు తెచ్చుకున్నవాడు. ఒక ఇటాలియన్ బఫే హోటల్లో పిజ్జా తిన్నవాళ్ల మీద చేసిన ఒకే ప్రయోగం నుంచి అతని బృందం నాలుగు పత్రాలు అచ్చువేసింది. టిమ్ వాన్ డర్ జీ, జోర్డాన్ అనాయా, నిక్ బ్రౌన్ కలిసి ఆ నాలుగింటినీ 2017 జనవరిలో పరిశీలించారు. ముగ్గురి దగ్గరా అసలు డేటా లేదు, అచ్చయిన పట్టికలు మాత్రమే ఉన్నాయి. సగటులను, విచలనాలను, టీ పరీక్షల విలువలను, మనుషుల సంఖ్యలను ఒకదానికొకటి సరిపోల్చితే దాదాపు 150 చోట్ల అంకెలు పొసగలేదు. ఎంతమంది పాల్గొన్నారన్నదే ఒకే పత్రంలో ఒక చోటికీ మరో చోటికీ, ఒక పత్రానికీ మరో పత్రానికీ మారింది. మనం హాస్టల్ పత్రంలో చూసిన జబ్బే ఇది, ఇక్కడ ఒళ్లంతా పాకింది.

ఆ తర్వాత అతని ఇతర పత్రాల మీదా చూపు పడింది. 2018 సెప్టెంబరులో జామా సంస్థ పత్రికలు ఒకేసారి ఆరు పత్రాలను వెనక్కి తీసుకున్నాయి. విశ్వవిద్యాలయం తన విచారణలో విద్యాపరమైన దుష్ప్రవర్తన ఉందని తేల్చింది. వాన్సింక్ రాజీనామా చేశాడు. అది 2019 జూన్ చివరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా విద్యార్థుల కళ్లలో వేటగాడి మెరుపు కనిపిస్తుంది. దాన్ని నేను అప్పుడే ఆపుతాను. 260 పత్రాలు చూసినవాళ్లు రచయితలకు రాసి డేటా అడిగారు, ఎవరి మీదా దొంగ ముద్ర వేయలేదు. అసాధ్యమైన సగటు దొరికిందంటే ఒక ప్రశ్న పుట్టిందని అర్థం. జవాబు రచయిత దగ్గరుంది. ఒకరు తప్పుకున్నారు, ఎక్సెల్‌లో ఒక వరస ఎక్కువ లాగారు, పాత చిత్తుప్రతిలోని అంకె కొత్త పట్టికలో ఉండిపోయింది, అచ్చులో 6 కాస్తా 8 అయింది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇలాంటివే.

రచయితకు రాసేటప్పుడు ఉత్తరం పొట్టిగా ఉండాలి, అందులో లెక్క ఉండాలి, ఆరోపణ ఉండకూడదు. నేనైతే ఇలా రాస్తాను: "మీ పత్రం రెండో పట్టికలో ఫోను వాడిన గుంపు సంఖ్య 25, సగటు 4.38, అమ్మాయిలు 58 శాతం అని ఉంది. నిద్రను ఒకే ప్రశ్నతో, పూర్ణాంకాల్లో కొలిచారని అర్థం చేసుకున్నాను. అలా అయితే 25 మందికి ఈ రెండు అంకెలూ రావడం లేదు, 24 మందికి వస్తున్నాయి. మీ టీ పరీక్షలో 45 అని ఉండటం కూడా 47 మందినే సూచిస్తోంది. నేను ఎక్కడైనా పొరబడి ఉంటే చెప్పండి. వీలైతే ఆ గుంపు జవాబుల జాబితా పంపగలరా?" ఇందులో మర్యాద కోసం రాసిన మాట ఒక్కటీ లేదు. నేను పొరబడి ఉండొచ్చన్నది నిజమే, కొలత పావు మెట్లలో ఉండొచ్చు. జవాబు రాకపోతే కొన్నాళ్లకు మరోసారి రాయండి. అప్పటికీ రాకపోతే, అదే లెక్కతో పత్రిక సంపాదకులకు రాయండి.

థీసిస్ రాస్తున్నవాళ్లకు ఒక మాట. ఈ పరీక్ష ముందు మీ సొంత పట్టికల మీద చేయండి, గైడుకు పంపే ముందు రోజు చేయండి. ప్రతి వరసలోని సగటును, శాతాన్ని ఆ వరసకు చెందిన మనుషుల సంఖ్యతో సరిచూడండి. ఎవరైనా మధ్యలో తప్పుకుని ఉంటే ఆ సంఖ్యను పట్టికలోనే రాయండి, ఎందుకు తప్పుకున్నారో కింద రాయండి. ముప్పై వరసల పట్టికకు ఒక సాయంత్రం పడుతుంది.